టొరంటో వైపు వెళ్ళి ఎనిమిది నెలలు: వైజాగ్‌లో పాత బాస్‌లు దూరమయ్యారు, అక్కడ కొత్తవాళ్ళు దగ్గర కాలేదు, ఏం చేయాలి?

ఆటోనగర్_అల్లుడు
అందరికీ నమస్తే. చెల్లి పెళ్ళికని మూడు వారాలు వైజాగ్ వచ్చాను, నాలుగు రోజులు అప్పుడే అయిపోయాయి, ఇంకా పదిహేడు ఉన్నాయి. నేను స్ట్రక్చరల్ ఇంజినీర్ని. 2014 నుంచి ఇక్కడే పదేళ్ళు చేశాను, మొదట ఆటోనగర్‌లో ఒక ఫాబ్రికేషన్ యూనిట్, తర్వాత ద్వారకానగర్‌లో ఒక చిన్న డిజైన్ ఆఫీసు. ఎనిమిది నెలల కిందట పీఆర్ మీద మిస్సిసాగా వెళ్ళాం. ఇప్పటికి గోడౌన్‌లో నైట్ షిఫ్టు, అది దాచుకునేదేం కాదు.

ఒంటారియోలో పీ.ఇంజ్, అంటే ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్సుకి అప్లై చేద్దామని కూర్చుంటే అసలు సంగతి అర్థమైంది. 48 నెలల అనుభవం చూపించాలి, అది నాకు ఉంది. కానీ ఊరికే సర్టిఫికెట్టు పెడితే కుదరదు, 34 అంశాల మీద నేను చేసిన పనుల్లోంచి ఉదాహరణలు రాయాలి, ఒక్కోదానికి ఆ పని చూసినవాళ్ళు వాలిడేటర్‌గా ఉండి అవును ఇతనే చేశాడు అని చెప్పాలి. నా లిస్టులో నలుగురు ఉన్నారు. ఒకాయన రిటైరయ్యారు, ఆఫీసు మెయిల్ పోయింది. ఒకాయన మస్కట్‌లో ఉన్నారని విన్నాను. ఒకాయనతో నోటీసు పీరియడ్ దగ్గర మాట పట్టింపు వచ్చి బయటికొచ్చేశాను, అప్పటినుంచి మాటల్లేవు. నాలుగో ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

అటువైపు చూస్తే అక్కడి ఇంజినీర్లకి లింక్డ్‌ఇన్‌లో 140 మందికి పైగా మెసేజ్‌లు పెట్టాను, రెజ్యూమె కూడా జత చేసి. ముగ్గురు జవాబిచ్చారు. అందులో ఒకడు ఇన్సూరెన్స్ ఏజెంటు. మనవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు, ఇల్లు చూపించారు, చిన్నదానికి కారు సీటు ఇచ్చారు, అందరూ ఐటీ. స్టీలు గురించి మాట్లాడే మనిషి ఒక్కడు దొరకలేదు.

ఈ పదిహేడు రోజుల్లో ఇక్కడ ఏం చేసుకుని వెళ్ళాలి, వెళ్ళాక అక్కడ ఏం మార్చుకోవాలి?

జగదాంబ_సెల్‌పాయింట్
తమ్ముడూ ఇండియా నెట్‌వర్క్ పోకుండా ఉండాలంటే సింపుల్. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరు తీసేస్తారు, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. వెళ్ళేముందు ఏడాది ప్లాన్ వేయించుకో, రోమింగ్ ఆన్ చేయించుకో, బ్యాంకు ఓటీపీలు అక్కడికే వస్తాయి. కెనడా నెట్‌వర్క్ గురించి నాకు తెలీదు.

ఎంవీపీ_మాధవి
😂 ఆయన అడిగింది ఆ నెట్‌వర్క్ కాదండీ. మనుషుల గురించి.

ఆటోనగర్_అల్లుడు
లేదు లేదు, ఈయన చెప్పింది నాకు తగిలింది. నా పాత నంబరు నిజంగానే పోయింది, ఆరో నెలలో చూసుకున్నాను. రీచార్జ్ మర్చిపోయాను. పాత ఆఫీసు వాళ్ళందరి దగ్గరా ఉన్నది ఆ నంబరే. ఎవరైనా ఫోన్ చేసి ఉంటే ఎవడో కొత్తవాడు ఎత్తి ఉంటాడు.

కంచరపాలెం_కిశోర్
బ్రో, వాలిడేటర్ల గోల ఎందుకు, డబ్ల్యూఈఎస్ వాళ్ళ డిగ్రీ పరిశీలన అయిందిగా మీది, పీఆర్ వచ్చిందంటే డిగ్రీ ఒప్పుకున్నట్టే. ఇంకో మాట, ఇక్కడి పదేళ్ళు చూపించినా లాభం లేదు. పన్నెండు నెలలు కెనడా అనుభవం, అది కూడా అక్కడి పీ.ఇంజ్ కింద చేసి ఉండాలి. మా కజిన్ అక్కడే ఆగిపోయాడు. ముందు ఉద్యోగం వెతుక్కో, లైసెన్సు తర్వాత.

లేక్‌షోర్_రామం
కిశోర్, మీ కజిన్ ఆగిపోయిన కాలంలో అది నిజమే. ఆ పన్నెండు నెలల షరతుని ఇక్కడ ఇంజినీర్లకి లైసెన్సు ఇచ్చే సంస్థ పీఈఓ 2023 మేలో తీసేసింది. ఇప్పుడు ఆ 48 నెలలూ బయటి దేశంలో చేసిన పనితోనే చూపించొచ్చు, అందుకే ఈయనకి వైజాగ్ మనుషులు ఇంత ముఖ్యం. డబ్ల్యూఈఎస్ ఇచ్చింది ఇమిగ్రేషన్ కోసం. లైసెన్సుకి చదువుని పీఈఓ విడిగా చూస్తుంది. నీతి, చట్టం మీద ఎన్‌పీపీఈ అని ఒక పరీక్ష కూడా ఉంటుంది. ఉద్యోగం ముందా లైసెన్సు ముందా అంటే రెండూ పక్కపక్కన నడవాలి. లైసెన్సు లేకపోయినా పీ.ఇంజ్ ఉన్నవాళ్ళ కింద డిజైనర్‌గానో డ్రాఫ్టింగ్‌లోనో చేయొచ్చు, కాకపోతే 'ప్రొఫెషనల్ ఇంజినీర్' అని ఎక్కడా రాసుకోకూడదు.

అల్లుడు గారూ, నేను పద్నాలుగేళ్ళుగా ఇక్కడ ఉన్నాను, మాది మద్దిలపాలెం. ముందు వైజాగ్ సంగతి చెప్తాను, ఎందుకంటే మీకు రోజులు అక్కడే తక్కువ.

మీరు చేస్తున్న పొరపాటు ఏంటంటే మనుషుల లిస్టు ముందు రాసుకున్నారు. పనుల లిస్టు ముందు రాయండి. పదేళ్ళలో మీరు నిజంగా లెక్క కట్టి, నిర్ణయం తీసుకుని, తప్పు దిద్దిన పనులు ఐదో ఆరో ఉంటాయి. ఒక కన్వేయర్ గ్యాలరీ, ఒక పైప్ రాక్, ఒక షెడ్డు, అలా. ఒక్కో పని ఎదురుగా అప్పుడు పక్కన ఉండి చూసిందెవరో రాయండి. అప్పుడు నలుగురు కాదు, పదిమంది తేలతారు. ఒకే మనిషి 34 అంశాలూ చూడక్కర్లేదు, ఏ పని ఎవరికి తెలుసో ఆ ఉదాహరణ వాళ్ళకి వెళ్తుంది. పెద్ద పదవిలో ఉన్న ఎండీ గారికంటే మీ లెక్కల మీద ఎర్ర పెన్ను పెట్టిన సీనియర్ ఇంజినీరు మేలు. ఎండీకి మీరు మంచివాడని తెలుసు, బేస్ ప్లేట్ ఎందుకు మార్చారో తెలీదు.

ఇంకోటి. ఉదాహరణ రాసే పద్ధతి పరిస్థితి, నేను చేసింది, దాని ఫలితం అని ఉంటుంది. మనవాళ్ళం 'మేము' అని రాస్తాం. 'మేము డిజైన్ చేశాం' అని ఉంటే చూసేవాడికి మీరు ఎక్కడున్నారో కనబడదు. మీకూ మార్కు వేసుకునే స్కేలు ఉంటుంది, వాలిడేటర్ కూడా విడిగా వేస్తారు. ఆ రెంటికీ మధ్య బాగా తేడా వచ్చిందంటే పని జ్ఞాపకం లేదనో, మీరు పెంచి రాశారనో అనుమానం వస్తుంది. అందుకే వాలిడేటర్‌కి మెయిల్‌లో వెళ్ళే లింకు పంపేముందు ఆ మనిషితో కూర్చుని ఆ పని జ్ఞాపకం చేయాలి. మీరు ఇప్పుడు ఉన్న ఊరు దానికి సరిగ్గా సరిపోతుంది.

కంచరపాలెం_కిశోర్
సరే 2023 సంగతి తెలీదు. కానీ కంపెనీలు అడుగుతూనే ఉన్నాయి కదా కెనడా అనుభవం?

లేక్‌షోర్_రామం
అడుగుతాయి. 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో పాతికమంది, అంతకు పైన ఉన్న సంస్థలు ఉద్యోగ ప్రకటనలో ఆ షరతు రాయకూడదని చట్టం ఉంది. ప్రకటనలో రాయరు, మనసులో ఉంటుంది. అక్కడే ఊళ్ళో తెలిసిన ఇంజినీర్లు పనికొస్తారు, అది తర్వాత రాస్తాను, షిఫ్టుకి టైమైంది.

సీతమ్మధార_పెద్దాయన
నేను ఈ వేదికలో అరుదుగా రాస్తాను. ఒక భారీ పరిశ్రమలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. ఇప్పటివరకు ఇలాంటి లింకులు నాకు ఆరు వచ్చాయి, కెనడా నుంచి నాలుగు, ఆస్ట్రేలియా నుంచి రెండు. అందులో మూడింటికి జవాబిచ్చాను, మూడింటికి ఇవ్వలేదు. ఎందుకో చెప్తే మీకు పనికి రావచ్చు.

ఇవ్వని మొదటిది: కుర్రవాడు ఏడేళ్ళు పలకరించలేదు. ఒకరోజు రాత్రి మెయిల్‌లో ఇంగ్లీషులో ఏదో లింకు వచ్చింది. అది మోసగాళ్ళ లింకు అనుకున్నాను. మా వయసు వాళ్ళకి రోజూ అలాంటివి వస్తాయి, తెలియని లింకు నొక్కవద్దని మా పిల్లలే చెప్తారు. ఇవ్వని రెండవది: అతను చెప్పిన పని నేను చూడలేదు, పక్క డిపార్టుమెంటు వాళ్ళు చేసింది. సంతకం పెట్టమన్నాడు. పెట్టను అన్నాను, అతనికి కోపం వచ్చింది. మూడవది నా తప్పే. గడువు దాటిపోయింది, నాకు ఆ పేజీ తెరవడం రాలేదు, సిగ్గుపడి చెప్పలేదు.

ఇచ్చిన ముగ్గురూ ముందు ఫోన్ చేశారు. ఒకమ్మాయి మా ఇంటికే వచ్చి పాత డ్రాయింగ్ నంబర్లు, ఆ సంవత్సరం, ఎక్కడ సమస్య వచ్చిందో ఒక కాగితం మీద రాసి ఇచ్చింది, చదివితే నాకు అంతా కళ్ళ ముందుకొచ్చింది. లింకు ఎప్పుడు వస్తుందో, ఎవరి పేరుతో వస్తుందో కూడా చెప్పింది. అది వచ్చినప్పుడు కంప్యూటరు దగ్గర మా మనవడిని కూర్చోబెట్టుకున్నాను. గంటన్నర పట్టింది.

నోటీసు పీరియడ్ దగ్గర మాట వచ్చిందన్నారు. ఫోన్‌లో కాదు, స్వయంగా వెళ్ళండి. పెళ్ళి శుభలేఖ చేతిలో ఉంది కదా.

ఆటోనగర్_అల్లుడు
సార్, శుభలేఖ మాట నాకు తట్టనే లేదు. రేపే వెళ్తాను. ఆయన పెదగంట్యాడ దగ్గర ఉంటారు.

రామం అన్నా, పనుల లిస్టు రాశాను, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని. ఆరు తేలాయి. అందులో ఒకటి హుద్‌హుద్ తర్వాతది. 2014 అక్టోబరు 12న తుఫాను, నేను అప్పటికి చేరి నాలుగు నెలలు. ఎగిరిపోయిన షెడ్లు చూసి ఎక్కడ తెగిందో కొలతలు తీసుకోవడం నా మొదటి పని. చాలాచోట్ల స్తంభాలు నిలబడే ఉన్నాయి, రేకు బిగించిన బోల్టు దగ్గర, పర్లిన్ క్లీట్ దగ్గర తెగాయి. అది ట్రైనీగా చేసింది కాబట్టి లైసెన్సుకి పెద్దగా పనికిరాదేమో అనుకుంటున్నా.

ఒక ఇబ్బంది. నా పని అందరికంటే దగ్గరగా చూసింది ఆటోనగర్ యూనిట్‌లో ఫోర్‌మన్ అప్పలనాయుడు గారు. ఐటీఐ. ఇంజినీరు కాదు. ఆయన్ని పెట్టొచ్చా?

లేక్‌షోర్_రామం
డిజైన్ నిర్ణయాల మీద, లెక్కల మీద ఆయన చెప్పింది నిలబడదు, అక్కడ ఇంజినీరే ఉండాలి. సైటులో మనుషులతో కలిసి పనిచేయడం, మాట చెప్పడం లాంటి అంశాలకి పెట్టొచ్చా అంటే నేను ఒకలా అంటాను, నా కొలీగ్ ఒకలా అంటాడు. పీఈఓకి మెయిల్ రాసి జవాబు చేతిలో పెట్టుకోండి. ఎలాగైనా ఆయన్ని కలవండి. మీకు జ్ఞాపకం లేని తేదీలు ఆయన దగ్గర ఉంటాయి, ఫోర్‌మన్ డైరీలు అలాంటివి.

ఇక ఇటువైపు సంగతి. 140 మందికి రెజ్యూమె పంపారు. వాళ్ళ వైపు నుంచి చూడండి. తెలియని మనిషి, ఫైలు జతచేసి, ఉద్యోగం ఉంటే చెప్పమన్నాడు. వాడి చేతిలో ఉద్యోగం లేదు, ఇవ్వలేడు, కాబట్టి మాట్లాడడు. మీరు అడిగింది వాడు ఇవ్వగలిగినది అయి ఉండాలి. ఇరవై నిమిషాలు, ఒక ప్రశ్న, అది కూడా వాడికి ఆసక్తి ఉన్న ప్రశ్న.

మీ దగ్గర ఆ ప్రశ్న ఉంది, మీకే తెలీదు. మన గాలి కోడు ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. మీరు పదేళ్ళు గాలి కోసం డిజైన్ చేశారు, రేకు పైకి లేవకుండా చూశారు. ఇక్కడ నా రోజంతా మంచు బరువుతో. పక్కన ఎత్తైన బిల్డింగు ఉంటే దాని పైనుంచి గాలికి కొట్టుకొచ్చి కింది కప్పు మీద ఒక మూల మంచు పేరుకుంటుంది, ఆ మూలే కూలుతుంది. 'నేను తుఫాను ఊళ్ళో ఇండస్ట్రియల్ షెడ్లు చేశాను, రేకు బిగింపుల దగ్గర ఎలా తెగుతాయో చూశాను, మంచు పేరుకునే లెక్క మీరు చిన్న కప్పులకి ఎలా చేస్తారో ఇరవై నిమిషాలు అడగొచ్చా' అని రెండు వాక్యాలు రాయండి. రెజ్యూమె వద్దు. నాకు ఇలాంటి మెసేజ్ వస్తే నేను జవాబివ్వకుండా ఉండలేను. మీ హుద్‌హుద్ పని లైసెన్సుకి కాకపోయినా ఇక్కడ పనికొస్తుంది.

ముందుగా మన స్టీలు కోడు ఐఎస్ 800కీ, ఇక్కడి స్టీలు కోడు సీఎస్‌ఏ ఎస్16కీ తేడా కొంచెం చదువుకుని వెళ్ళండి. రెండూ లిమిట్ స్టేట్ పద్ధతే కాబట్టి పరాయిగా అనిపించదు.

మాట అయ్యాక 'ఇంకెవరితో మాట్లాడమంటారు' అని ఒక్కటి అడగండి. వాళ్ళు చెప్పిన పని, పుస్తకమో, మనిషో, అది చేసి రెండు మూడు వారాల తర్వాత చేశానని రాయండి. నూటికి తొంభై మంది ఈ రెండో మెసేజ్ రాయరు. (నా అంచనా, లెక్క కాదు.) ఆ రెండో మెసేజ్ వల్లే నా మొదటి ఉద్యోగం వచ్చింది. మొదటిసారి మాట్లాడినప్పుడు ఆయన దగ్గర ఏమీ లేదు. ఐదు నెలల తర్వాత వాళ్ళ డ్రాఫ్ట్స్‌మన్ మానేస్తే జ్ఞాపకం వచ్చింది నేను.

మనుషులు దొరికే చోట్లు: పీఈఓకి ఊరూరా చాప్టర్లు ఉన్నాయి, మిస్సిసాగాలోనూ ఉంది. మీటింగుకి వెళ్ళి కుర్చీలు సర్దే పని అడగండి, మూల నిలబడేకంటే అది మేలు. టొరంటోలో ట్రయెక్ అని వలస వచ్చినవాళ్ళ ఉద్యోగాల కోసం పనిచేసే సంస్థ ఉంది, మీ వృత్తిలోనే ఉన్న ఇక్కడి మెంటార్‌ని జతచేస్తుంది.

ఎంవీపీ_మాధవి
నాది డబ్లిన్, డేటా పని, నాకు లైసెన్సులూ వాలిడేటర్లూ లేవు కాబట్టి మీ కథ వేరు. కానీ నాకు జరిగింది చెప్తాను. మొదటి ఏడాది మొత్తం మన తెలుగు గ్రూపులోనే ఉన్నాను, ఉగాది, బతుకమ్మ, పాట్‌లక్‌లు. చాలా హాయిగా ఉండేది. తర్వాత చూసుకుంటే నాకు తెలిసిన ఉద్యోగ ఖాళీలన్నీ వాళ్ళకీ తెలిసినవే, ఒకే పోస్టుకి పదకొండు మందిమి అప్లై చేశాం. ఒకళ్ళకొకళ్ళం రెఫరల్ కూడా ఇచ్చుకున్నాం 😅

చివరికి ఉద్యోగం వచ్చింది మా అపార్టుమెంటు కింద కుక్కని తిప్పే ఒకావిడ వల్ల. వారానికి ఒకసారి హలో అనుకునేవాళ్ళం అంతే.

లేక్‌షోర్_రామం
మాధవి గారు చెప్పింది గ్రానొవెటర్ అని ఒక సోషియాలజిస్టు 1973లోనే రాశాడు. దగ్గరివాళ్ళకి మనకి తెలిసిందే తెలుస్తుంది, కొద్దిగా తెలిసినవాళ్ళు వేరే గుంపు కబురు తెస్తారు. దానర్థం మనవాళ్ళని వదిలేయమని కాదు. కారు సీటు ఆ కుక్కావిడ ఇవ్వదు.

ఆటోనగర్_అల్లుడు
అప్‌డేట్. పెదగంట్యాడ వెళ్ళాను. శుభలేఖ ఇచ్చాను. ఆయన తీసుకుని మొదట ఏమీ అనలేదు, ఆవిడ టీ పెట్టారు. తర్వాత ఆయనే 'ఆ పైప్ రాక్ ఇప్పటికీ నిలబడే ఉంది' అన్నారు. నోటీసు సంగతి ఎవరం ఎత్తలేదు. వాలిడేటర్‌గా ఒప్పుకున్నారు, తన అంతట తానే రెండు చోట్ల నా లెక్క తప్పు దిద్దిన సంగతి చెప్పి, అదీ రాయమన్నారు. మస్కట్ సార్ నంబరు కూడా ఆయన దగ్గరే దొరికింది. అప్పలనాయుడు గారు డైరీలు తీశారు, నిజంగానే ఉన్నాయి, 2016 నుంచి.

ఫోన్ ఎత్తని నాలుగో ఆయన దొరికారు. ఒప్పుకున్నారు, కానీ వెంటనే వాళ్ళబ్బాయి సంగతి ఎత్తారు. బీటెక్ అయింది, కెనడా పంపాలి, నువ్వు అక్కడ ఉద్యోగం చూడు, నీ ఇంట్లో ఆరు నెలలు ఉంచుకో అని. నేను గోడౌన్‌లో చేస్తున్నానని చెప్పలేకపోయాను. నవ్వి ఊరుకున్నాను. ఆయన అది ఒప్పుకున్నట్టు తీసుకున్నారేమో అని ఒకటే టెన్షన్.

కంచరపాలెం_కిశోర్
లింకు వాలిడేట్ చేసేదాకా ఊ అను బ్రో, తర్వాత చూసుకోవచ్చు.

సీతమ్మధార_పెద్దాయన
అలా చేయకండి. మేమంతా ఒకరికొకరం తెలిసినవాళ్ళమే ఈ ఊళ్ళో. నా అభిప్రాయం, గోడౌన్ సంగతి చెప్పేయండి. కష్టపడుతున్నాడని తెలిస్తే అడగరు.

ఎంవీపీ_మాధవి
నేను సార్‌తో పూర్తిగా ఒప్పుకోను. చెప్తే సాయంత్రానికి పెళ్ళి పందిట్లో అందరికీ తెలుస్తుంది, అత్తారింటి వాళ్ళతో సహా. ఇంట్లో ఉంచుకోలేను అని చెప్పండి, అబ్బాయితో నెలకొకసారి ఫోన్‌లో మాట్లాడి ఏ కోర్సు, ఏ పేపర్లు అని చెప్తానని చెప్పండి. అది నిజంగా చేయగలిగినది.

లేక్‌షోర్_రామం
నాకు పద్నాలుగేళ్ళయినా ఇది తేలలేదు. నేను ఇద్దరిని ఇంట్లో పెట్టుకున్నాను, ఒకడు ఇప్పుడు మా తమ్ముడి లెక్క, ఒకడితో మాటల్లేవు.

ఒక్క పని మాత్రం చేయండి. మళ్ళీ ఎనిమిది నెలలు మాయమవకండి. ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిది అంటే ఎండాకాలంలో వైజాగ్‌లో ఆదివారం ఉదయం ఆరున్నర, చలికాలంలో గడియారం మారాక ఏడున్నర. పెద్దవాళ్ళు వాకింగ్ నుంచి వచ్చి కాఫీ తాగే వేళ. వారానికి ఒక్కరికి, పది నిమిషాలు. ఏమీ అడగకుండా.

ఆటోనగర్_అల్లుడు
సరే అన్నా. నాలుగో సార్ సంగతి ఇంకా తేల్చుకోలేదు, పెళ్ళి అయ్యాక ఒకసారి వెళ్తాను. మంచు లెక్క మెసేజ్ ఇద్దరికి పంపాను, ఇక్కడినుంచే. ఒకాయన వచ్చే నెల రెండో వారం అని టైమిచ్చాడు.

జగదాంబ_సెల్‌పాయింట్
కొత్త సిమ్ తీసుకున్నావా మరి?

ఆటోనగర్_అల్లుడు
తీసుకున్నాను అన్నా, ఏడాది ప్లాన్. శుభలేఖ కవర్ల వెనక ఆ నంబరే రాస్తున్నాను.